7.75 శాతం కమర్షియల్ పేపర్, 9 శాతం సీసీ లిమిట్: నిజంగా ఏది చవక?

గుంటూరు వైపు ఒక పెద్ద స్పిన్నింగ్ మిల్లును ఊహించుకుందాం. పత్తి అక్టోబరు నుంచి మార్చి దాకా మార్కెట్‌కు వస్తుంది. ఏడాదికి సరిపడా సరుకును మిల్లు ఆ నెలల్లోనే కొని గోదాముల్లో పెట్టుకోవాలి. నూలు మాత్రం ఏడాది పొడవునా అమ్ముడవుతుంది. అందుకే మిల్లుకు అప్పు అవసరం ఫిబ్రవరి, మార్చిలో 90 కోట్ల రూపాయలకు చేరి, సెప్టెంబరుకల్లా 25 కోట్లకు దిగుతుంది. ఏడాది సగటు 50 కోట్లు అనుకుందాం.

ఈ మిల్లుకు బ్యాంకులో 100 కోట్ల క్యాష్ క్రెడిట్ లిమిట్, అంటే అవసరమైనప్పుడు తీసుకుని డబ్బు రాగానే తిరిగి జమచేసే సీసీ ఖాతా, ఉంది. వాడుకున్న డబ్బుకు వడ్డీ 9 శాతం. వాడుకోని లిమిట్ మీద ఏడాదికి అర శాతం కమిట్‌మెంట్ చార్జీ. ఇంతలో ఒక బ్రోకరు వచ్చి, 90 రోజుల కమర్షియల్ పేపర్, అంటే పెట్టుబడిదారులకు నేరుగా అమ్మే స్వల్పకాలిక అప్పు పత్రం, అమ్మిపెడతానని, 7.75 శాతానికే డబ్బు వస్తుందని చెప్పాడు. సుమారు 40 కోట్లకు, 90 రోజులకు ఒకటింపావు శాతం తేడా అంటే 12 లక్షల రూపాయలు. ఈ అంకెలన్నీ ఉదాహరణ కోసం తీసుకున్నవే. మీ శాంక్షన్ లెటర్లోని అంకెలు పెట్టుకుని ఇదే లెక్క మళ్లీ వేసుకోవచ్చు. మనం చూడాల్సింది ఆ 12 లక్షల్లో చివరికి మిల్లు చేతికి ఎంత వస్తుందన్నది.

వాడని లిమిట్ ఖరీదు

ముందు బ్యాంకు లిమిట్ సంగతి చూద్దాం. 100 కోట్లలో సగటున 50 కోట్లు వాడితే ఏడాది వడ్డీ నాలుగున్నర కోట్లు. వాడని 50 కోట్ల మీద అర శాతం చొప్పున 25 లక్షలు కమిట్‌మెంట్ చార్జీ. మొత్తం 4.75 కోట్లు. వాడిన 50 కోట్లతో భాగిస్తే అసలు ఖర్చు 9.5 శాతం. సూత్రంగా రాస్తే ఇంతే:

```
సగటు ఖర్చు = వడ్డీ + చార్జీ × (వాడని భాగం ÷ వాడిన భాగం)
```

చార్జీ అర శాతమేగా అని తీసిపారేయడానికి లేదు. లిమిట్‌లో 80 శాతం వాడేవారికి దాని భారం ఎనిమిదో వంతు శాతమే కాబట్టి ఖర్చు 9.125 దగ్గర ఆగుతుంది. పాతిక శాతమే వాడితే 10.5 అవుతుంది. పదో వంతు మాత్రమే వాడితే 13.5 శాతం. వాడకం తగ్గేకొద్దీ ఆ చార్జీ మొత్తాన్ని మోయాల్సిన రూపాయలు తగ్గిపోతాయి మరి.

కమిట్‌మెంట్ చార్జీ మీద 18 శాతం జీఎస్‌టీ కూడా పడుతుంది. వడ్డీ మీద పడదు. నూలు మీద జీఎస్‌టీ ఉంది కనుక మన మిల్లు దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి తీసుకోగలదు. అదే తెలంగాణలో ఒక విత్తనాల కంపెనీ అయితే, విత్తనాలకు పన్ను మినహాయింపు ఉంది కాబట్టి ఆ క్రెడిట్ రాదు. వారికి అర శాతం చార్జీ నిజానికి 0.59 శాతం.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే

లిమిట్ అసలు ఖర్చు 9.5 శాతమని తేలింది. కమర్షియల్ పేపర్ 7.75కే వస్తోంది. అంటే తేడా ఒకటింపావు కాదు, ఒకటిముప్పావు శాతం అనిపిస్తుంది. బోర్డు ముందు పెట్టే నోట్లలో ఈ పోలిక తరచూ కనిపిస్తుంది. అది తప్పు.

ఎందుకంటే లిమిట్ ఇప్పటికే చేతిలో ఉంది. అందులోంచి ఇంకో కోటి తీస్తే ఏమవుతుంది? దానికి ఏడాదికి 9 లక్షల వడ్డీ పడుతుంది. అయితే ఆ కోటి ఇక వాడని లిమిట్ కిందకు రాదు. కాబట్టి దాని మీద కడుతున్న 50 వేల చార్జీ ఆగిపోతుంది. నికరంగా పెరిగిన ఖర్చు ఎనిమిదిన్నర లక్షలే.

```
అదనపు రూపాయి ఖర్చు = వడ్డీ − చార్జీ
```

సగటు ఖర్చు 9.5 శాతం, అదనపు రూపాయి ఖర్చు 8.5 శాతం. రెండూ సరైన అంకెలే, కానీ రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఇంత పెద్ద లిమిట్ పెట్టుకోవాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు సగటు చూడాలి. లిమిట్ ఎలాగూ ఉంది, ఈ నెల కావాల్సిన డబ్బు దాంట్లోంచి తియ్యాలా, బయటి నుంచి తేవాలా అన్నది ప్రశ్న అయితే 8.5 నే పట్టుకోవాలి. కమర్షియల్ పేపర్ తెచ్చి సీసీ ఖాతాలో జమచేసిన రోజు నుంచి అంతమేరా లిమిట్ ఖాళీ అవుతుంది, ఆ ఖాళీ మీద బ్యాంకు చార్జీ మొదలవుతుంది. ఆ చార్జీ కమర్షియల్ పేపర్ వల్ల పుట్టిన ఖర్చే. అది బ్యాంకు బిల్లులో కనిపిస్తుంది కాబట్టి, బ్రోకరు ఇచ్చే లెక్కలోకి ఎప్పుడూ రాదు.

7.75 శాతం ఎంతకు తేలుతుంది

కమర్షియల్ పేపర్ అంటే తాకట్టు లేని ప్రామిసరీ నోటు. మన దేశంలో 1990లో మొదలైంది. కనీసం ఏడు రోజులు, గరిష్ఠంగా ఒక ఏడాది గడువుతో, 5 లక్షల రూపాయలు లేదా దాని గుణిజాల్లో, డీమ్యాట్ రూపంలో జారీ చేస్తారు. వడ్డీ విడిగా ఉండదు. ముఖవిలువ కంటే తక్కువకు అమ్మి, గడువు తీరిన రోజున ముఖవిలువ చెల్లిస్తారు.

మన మిల్లు 40 కోట్ల ముఖవిలువకు, అంటే 5 లక్షల యూనిట్లు 800 జారీ చేసిందనుకుందాం. 90 రోజులకు 7.75 శాతం అంటే 365 రోజుల లెక్కన 1.911 శాతం. 40 కోట్లను 1.01911తో భాగిస్తే చేతికొచ్చేది 39.25 కోట్లు. డిస్కౌంట్ 75 లక్షలు. ఇక్కడ చిన్న జాగ్రత్త అవసరం. 40 కోట్లలోంచి 7.75 శాతం వడ్డీని నేరుగా కోసేస్తే వచ్చే అంకె 76.44 లక్షలు. అలా కోసిన కాగితం మీద మిల్లుకు అసలు పడే రేటు 7.9 శాతం. కాబట్టి కోట్ చేసిన రేటు కొనుగోలుదారు రాబడా, ముఖవిలువ మీద తగ్గింపా అని ముందే అడిగి రాయించుకోవాలి. మన మార్కెట్ వాడుకలో అది రాబడే.

తరువాత ఖర్చులు. రేటింగ్ సంస్థ ఫీజు, ఇష్యూయింగ్ అండ్ పేయింగ్ ఏజెంటుగా ఉండే బ్యాంకు ఫీజు, స్టాంపు డ్యూటీ, డిపాజిటరీ చార్జీలు, బ్రోకరు కమీషన్. రేటింగ్ ఫీజు ఏడాదికి 5 లక్షలనీ, మిగతావన్నీ కలిపి ఒక్కో జారీకి రెండున్నర లక్షలనీ అనుకుందాం. ఏడాదిలో ఒక్కసారే జారీ చేస్తే ఆ ఏడున్నర లక్షలూ ఈ 90 రోజుల మీదే పడతాయి. మొత్తం ఖర్చు 82.5 లక్షలు. ఖర్చులు పోను చేతిలో మిగిలేది 39.175 కోట్లు. దాని మీద ఏడాదికి లెక్కగడితే 8.54 శాతం. ఇదే 40 కోట్లను గడువు తీరగానే మళ్లీ జారీ చేస్తూ ఏడాదిలో నాలుగుసార్లు తిప్పగలిగితే రేటింగ్ ఫీజు నాలుగు వాటాలై 8.14 శాతానికి దిగుతుంది.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెడదాం. అదే 39.25 కోట్లను 90 రోజులు సీసీ ఖాతాలోంచి వాడితే వడ్డీ 87.1 లక్షలు. వాడినందువల్ల తప్పిన కమిట్‌మెంట్ చార్జీ 4.84 లక్షలు. నికరం 82.26 లక్షలు. బ్యాంకు వడ్డీని నెలనెలా ఖాతాలో ఖర్చు రాస్తుంది, కమర్షియల్ పేపర్ ఖర్చు మాత్రం ఆఖరి రోజున తేలుతుంది. ముందుగా కట్టిన ఆ వడ్డీ మీద పడే వడ్డీ మరో 64 వేలు. కలిపితే 82.9 లక్షలు.

ఒకవైపు 82.5, మరోవైపు 82.9. పైకి కనిపించిన 12 లక్షల లాభంలో మిగిలింది 40 వేలు.

ఆ 12 లక్షలు ఎక్కడికి పోయాయో చూడండి. ఏడున్నర లక్షలు జారీ ఖర్చులు తిన్నాయి. దాదాపు ఐదు లక్షలు, కాగితం జారీ చేయడంవల్ల ఖాళీ అయిన లిమిట్ మీద కమిట్‌మెంట్ చార్జీకి పోయాయి. నెలనెలా వడ్డీ కట్టడం తప్పినందుకు 64 వేలు తిరిగొచ్చాయి.

అయితే లిమిట్ తగ్గించుకుంటే సరిపోదా?

సహజంగా వచ్చే ప్రశ్నే. 40 కోట్లు బయటి నుంచి వస్తున్నప్పుడు లిమిట్‌ను 60కి దించుకుంటే ఆ ఐదు లక్షలు మిగులుతాయి కదా. లెక్క ప్రకారం నిజమే. ఆచరణలో రెండు అడ్డంకులున్నాయి.

మొదటిది, లిమిట్‌ను బ్యాంకు ఏడాదికి మంజూరు చేస్తుంది. ఫిబ్రవరిలో దించి మే నెలలో మళ్లీ పెంచమంటే అది కొత్త ప్రతిపాదన అవుతుంది. ప్రాసెసింగ్ ఫీజు, కమిటీ, కాలయాపన అన్నీ మళ్లీ మొదలు.

రెండోది ఇంకా బలమైనది. కమర్షియల్ పేపర్ గడువు తీరిన రోజున మొత్తం ఒక్కసారిగా కట్టాలి. సాధారణంగా కొత్త కాగితం అమ్మి పాతది తీరుస్తారు. ఆ రోజు కొనేవారు లేకపోతే? అమెరికాలో 1970 జూన్‌లో పెన్ సెంట్రల్ రైల్వే కంపెనీ దివాలా తీసినప్పుడు దాని కమర్షియల్ పేపర్ 8.2 కోట్ల డాలర్లు చెల్లించకుండా నిలిచిపోయింది. దానితో సంబంధం లేని కంపెనీల కాగితాన్ని కూడా కొనేవారు వెనక్కి తగ్గారు. కమర్షియల్ పేపర్‌కు వెనక బ్యాంకు లిమిట్ ఉంచుకోవడం అక్కడ ఆనవాయితీగా బలపడింది ఆ దెబ్బ తరువాతే. మన దగ్గర 2018 సెప్టెంబరులో మౌలిక వసతులకు అప్పులిచ్చే ఫైనాన్స్ సంస్థ ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ చెల్లింపులు ఆగిపోయాక అదే జరిగింది. అంతకు కొద్ది వారాల ముందు దాకా దానికి అత్యున్నత రేటింగ్ ఉంది. మ్యూచువల్ ఫండ్లు ఒక్కసారిగా చేతులు ముడుచుకోవడంతో చాలా ఫైనాన్స్ కంపెనీలకు పాత కాగితం తిప్పుకోవడం కష్టమైంది.

కాబట్టి రేటింగ్ సంస్థలు ముందుగా అడిగేది వాడని లిమిట్ ఎంత ఉందనే. చాలా కంపెనీల రేటింగ్ పత్రాల్లో, కమర్షియల్ పేపర్‌ను వర్కింగ్ క్యాపిటల్ లిమిట్‌లోంచే కోసినట్టుగా లెక్కపెడతామన్న షరతు ఉంటుంది. అంటే 40 కోట్ల కాగితం బయట ఉన్నంతకాలం 40 కోట్ల లిమిట్‌ను ముట్టుకోకుండా ఉంచాలి. దాని మీద చార్జీ కడుతూనే ఉండాలి. కమిట్‌మెంట్ చార్జీని దండగ ఖర్చుగా కాక, కమర్షియల్ పేపర్‌కు కట్టే బీమా ప్రీమియంగా చూస్తేనే లెక్క కుదురుతుంది.

అయితే ఆ బీమా పనిచేస్తుందా అన్నది శాంక్షన్ లెటర్ చదివితేగాని తెలియదు. చాలా లెటర్లలో, వాడని లిమిట్‌ను ముందస్తు నోటీసు లేకుండా, ఏ షరతూ లేకుండా ఎప్పుడైనా రద్దు చేసే హక్కు బ్యాంకుకు ఉంటుందని రాసి ఉంటుంది. బ్యాంకు అలా రాసుకోవడానికి కారణం ఉంది. షరతు లేకుండా రద్దు చేయగల లిమిట్‌కు బ్యాంకు విడిగా మూలధనం కేటాయించనక్కర్లేదు. ఆ వాక్యం ఉన్నప్పుడు కమిట్‌మెంట్ చార్జీ కట్టడమంటే మాట ఇవ్వనివారికి మాట ఖరీదు చెల్లించినట్టే. బ్యాంకుతో గట్టిగా మాట్లాడాల్సింది ఇక్కడే. రద్దు హక్కు ఉంచుకుంటే చార్జీ ఎత్తెయ్యమనాలి, చార్జీ కావాలంటే ఆ వాక్యం తీసెయ్యమనాలి. పెద్ద ఖాతాదారుల విషయంలో బ్యాంకు ఇబ్బంది వేరు. బ్యాంకులన్నిటి నుంచి కలిపి 150 కోట్లు, ఆపైన వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ ఉన్నవారి వాడని సీసీకి మూలధనం లెక్కగట్టాలని రిజర్వు బ్యాంకు 2018 డిసెంబరులో ఆదేశించింది. అక్కడ ఆ చార్జీ పూర్తిగా పోవడం కష్టం.

చార్జీ దేని మీద లెక్కిస్తారు

అదే లెటర్లో ఇంకో రెండు వాక్యాలు వెతకాలి. మొదటిది, వాడని భాగాన్ని మంజూరైన లిమిట్ నుంచి లెక్కిస్తారా, ఉన్న సరుకు విలువను బట్టి ఆ నెల తియ్యగలిగే డ్రాయింగ్ పవర్ నుంచా అన్నది. సెప్టెంబరులో గోదాములు ఖాళీగా ఉంటాయి. స్టాక్ స్టేట్‌మెంట్ ప్రకారం డ్రాయింగ్ పవర్ 35 కోట్లకు పడిపోయిందనుకుందాం. మిల్లు 25 కోట్లు వాడుతోంది. ఇంకా తియ్యగలిగేది 10 కోట్లే. కానీ బ్యాంకు 75 కోట్ల మీద చార్జీ వేస్తుంది. తియ్యడానికి వీల్లేని 65 కోట్లకు కూడా మిల్లు రుసుము కడుతోందన్నమాట. దీనికి మందు సీజన్‌కో లిమిట్. పత్తి నెలలకు 100 కోట్లు, మిగతా నెలలకు 60 కోట్లు అని శాంక్షన్ దగ్గరే విడగొట్టించుకోవచ్చు. సీజన్ వ్యాపారాలకు బ్యాంకులు ఇలా ఇవ్వడం మామూలే.

రెండోది మినహాయింపు గీత. మూడు నెలల సగటు వాడకం 60 శాతం దాటితే చార్జీ లేదని ఒక లెటర్లో ఉందనుకుందాం. మిల్లు 55 శాతం వాడింది. అప్పుడు చార్జీ తగ్గిన 5 కోట్ల మీదా, వాడని మొత్తం 45 కోట్ల మీదా? మొదటిదైతే ఆ మూడు నెలలకు 62,500 రూపాయలు. రెండోదైతే 5,62,500. ఒక్క మాట తేడా. పైగా ఇలాంటి గీత ఉన్నచోట కమర్షియల్ పేపర్ తెచ్చి సీసీ తగ్గిస్తే, వాడకం గీత కిందకు జారి అప్పటిదాకా లేని చార్జీ కొత్తగా పుడుతుంది. పైన చెప్పిన 8.5 శాతం లెక్క అప్పుడు పనికిరాదు. కాగితం లేకుండా బిల్లు ఎంత, కాగితంతో బిల్లు ఎంత అని రెండుసార్లు పూర్తిగా వేసి చూడాలి.

ఎంత మొత్తానికి జారీ చెయ్యాలి

రేటింగ్ సంగతి ముందు తేల్చుకోవాలి. నియమం ప్రకారం కనీసం ఏ3 రేటింగ్ చాలు. కానీ మార్కెట్లో డబ్బు పెట్టేవారు, ముఖ్యంగా మ్యూచువల్ ఫండ్లు, దాదాపుగా అన్నిటికంటే పైదైన ఏ1 ప్లస్ కాగితమే కొంటారు. ఆ రేటింగ్ లేని మిల్లుకు ఈ వ్యాసంలోని 7.75 శాతం దొరకదు.

రేటింగ్ ఉందనుకుంటే, సీసీకి ఉన్న ఒక సుగుణం మరవకూడదు. నూలు అమ్మిన డబ్బు ఏ రోజు వస్తే ఆ రోజే అప్పు తగ్గుతుంది. కమర్షియల్ పేపర్ 90 రోజులూ అలాగే కూర్చుంటుంది. సీసీ ఖాతాలో బాకీ మిగిలి ఉన్నంతసేపు ఇబ్బంది లేదు, వచ్చిన డబ్బుతో దాన్ని తగ్గించుకోవచ్చు. సీసీ బాకీ సున్నాకు చేరాక కూడా కాగితం బయట ఉంటేనే నష్టం మొదలవుతుంది. జూలైలో 40 కోట్ల కాగితం జారీ చేసి, సెప్టెంబరుకు అవసరం 25 కోట్లకు దిగితే 15 కోట్లు మిగిలిపోతాయి. వాటిని 6.5 శాతం వచ్చే లిక్విడ్ ఫండ్‌లో పెట్టినా, మనకు పడే 8.5తో పోలిస్తే రెండు శాతం లోటు. 45 రోజులకు 3.7 లక్షలు.

అందుకే ఏడాదిలో అతి తక్కువ అవసరం ఎంతో అంతకే, మన మిల్లు విషయంలో 25 కోట్లకే, కాగితం జారీ చేసి నాలుగుసార్లు తిప్పడం క్షేమం. పత్తి సీజన్‌లో పెరిగే 65 కోట్లకు సీసీ ఉంటుంది. అప్పుడు కూడా లిమిట్‌లో 35 కోట్లు ఖాళీ ఉంటాయి కాబట్టి 25 కోట్ల కాగితం తిరగకపోయినా తీర్చగలరు. ఈ పద్ధతిలో 90 రోజుల ఖర్చు ఇలా ఉంటుంది. డిస్కౌంట్ 46.88 లక్షలు, ఖర్చులు 3.75 లక్షలు, మొత్తం 50.63 లక్షలు. అదే డబ్బు సీసీలోంచి వాడితే, తప్పిన చార్జీ తీసేసి, నెలనెలా వడ్డీ ప్రభావం కలిపితే 51.81 లక్షలు. మిగులు 1.18 లక్షలు, ఏడాదికి 4.7 లక్షలు. జూలైలో 40 కోట్లు జారీ చేసిన ఒక్క పొరపాటు ఇందులో ముప్పాతిక భాగం పైగా మింగేస్తుంది.

ఈ మిగులు కూడా బ్యాంకు రేటుకూ కాగితం రేటుకూ మధ్య దూరం మీదే ఆధారపడుతుంది. కాగితం 7 శాతానికి దిగితే అదే 25 కోట్ల మీద మిగులు 90 రోజులకు 5.7 లక్షలవుతుంది. ఆ దూరం ఒక శాతానికి తగ్గితే ఏమీ మిగలదు, పైగా కొంచెం చేతినుంచి పడుతుంది. మన మిల్లుకు ఈ పద్ధతిలో గీత సుమారు 7.95 శాతం దగ్గర ఉంది. బ్రోకరు కోట్ అంతకు మించిన రోజున పాత కాగితాన్ని సీసీతో తీర్చేసి, ఆ మూడు నెలలు జారీ ఆపెయ్యడమే లాభం. అలా ఆపగలగడానికే లిమిట్ ఖాళీగా ఉంది, దానికే చార్జీ కడుతున్నారు.